రెండు వందల మంది అడిగే ఒకే లెక్క

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో కలిపి ముప్పై బట్టల షాపులున్న ఒక సంస్థ ఉందనుకుందాం. ప్రతి బిల్లూ హైదరాబాద్‌లోని డేటాబేస్‌కు చేరుతుంది. హెడ్డాఫీసులోనూ షాపుల్లోనూ కలిపి రెండు వందల మంది ఉదయం తొమ్మిదిన్నరకు కుర్చీలో కూర్చోగానే ఒకే డ్యాష్‌బోర్డు తెరుస్తారు. అందులో ఆరు చార్టులు ఉంటాయి: జిల్లాలవారీ అమ్మకం, గంటగంటకూ వచ్చిన బిల్లులు, పోయినేడాది ఇదే రోజుతో పోలిక, అలాంటివి. ఒక్కో చార్టు వెనక ఒక్కో క్వెరీ. కోట్ల వరుసలున్న బిల్లుల టేబుల్‌ను జల్లెడపట్టి కూడికలు వేయడానికి ఒక్కో క్వెరీకి ఎనిమిది సెకన్లు పడుతుందనుకుందాం.

ఒక్కరు తెరిస్తే ఇబ్బందేమీ లేదు. రెండు వందల మంది తెరిస్తే 1,200 క్వెరీలు. ఎనిమిదేసి సెకన్ల చొప్పున 9,600 సెకన్ల పని. సర్వర్‌లో 16 కోర్లు ఉండి, అవన్నీ ఒక్క క్షణం ఖాళీ లేకుండా పనిచేసినా అది తెమలడానికి పది నిమిషాలు కావాలి. డ్యాష్‌బోర్డేమో ప్రతి అయిదు నిమిషాలకూ దానంతటదే రిఫ్రెష్ అయ్యేలా పెట్టి ఉంటుంది. అయిదు నిమిషాలకోసారి పది నిమిషాల పని నెత్తిన పడుతుంటే వరుస ఎన్నటికీ తరగదు. పైగా, తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే మనం ఊరుకోం, మళ్లీ రిఫ్రెష్ నొక్కుతాం. చాలా వ్యవస్థల్లో మొదటి క్వెరీ ఆగిపోదు. అడిగినవాళ్లు పేజీ మూసేసినా డేటాబేస్ లోపల అది నడుస్తూనే ఉంటుంది, దానికి తోడు రెండోది మొదలవుతుంది. అదే డేటాబేస్‌లో బిల్లులు కూడా కొడుతుంటే ఆ సెగ కౌంటర్ దగ్గర నిలబడ్డ కొనుగోలుదారు దాకా వస్తుంది.

ఒకసారి వేసిన లెక్కను డేటాబేస్ గుర్తుపెట్టుకోదా అని చాలామందికి అనుమానం వస్తుంది. పోస్ట్‌గ్రెస్ లాంటివి తరచూ చదివే డేటా పేజీలను మెమరీలో ఉంచుకుంటాయి కాబట్టి డిస్కు దాకా వెళ్లే పని తగ్గుతుంది. కూడిక ఫలితాన్ని మాత్రం ఉంచుకోవు. ఇరవయ్యో మనిషి అడిగినా ఇరవయ్యోసారి మొదటి నుంచీ కూడుతుంది. అందుకే ఫలితాన్ని డేటాబేస్ బయట, రెడిస్ లాంటి వేగమైన నిల్వలో ఒక పేరు పెట్టి దాచి, తర్వాత వచ్చినవాళ్లకు అదే ఇవ్వాలి. దీన్నే క్యాషింగ్ అంటారు. ఆ పేరును ‘కీ’ అంటారు. దాచడం నాలుగు లైన్ల కోడ్ పని. ఇద్దరు అడిగింది ఒకటేనా కాదా అని తేల్చడం దగ్గరే కష్టమంతా ఉంది. నేను చూసినంతలో పేరుకు క్యాష్ ఉండి కూడా డేటాబేస్ మూలుగుతూ ఉందంటే, లోపం ఎక్కువగా అక్కడే.

జిల్లాలవారీ అమ్మకం చార్టు వెనక ఉండే క్వెరీ చూడండి:

```
SELECT district, SUM(amount)
FROM bills
WHERE bill_time >= date_trunc('day', now())
  AND bill_time < now()
GROUP BY district;
```

ఇవాళ తెల్లవారుజాము పన్నెండు నుంచి ఈ క్షణం దాకా అని అర్థం. చాలా డ్యాష్‌బోర్డు పనిముట్లు ఆ `now()` స్థానంలో అసలు సమయాన్ని నింపి పంపుతాయి. ఒకరు 9:31:07కు తెరిచారు, ఇంకొకరు 9:31:09కి తెరిచారు. మనుషులకు ఇద్దరూ అడిగింది ఒకటే. క్వెరీ అక్షరాలను బట్టి కీ తయారుచేసే క్యాష్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ప్రశ్నలు. రెండు వందల మందికి దాదాపు రెండు వందల కీలు తయారవుతాయి. ఒకరి కోసం దాచింది ఇంకొకరికి పనికిరాదు.

దీనికి విరుగుడు సమయాన్ని వెనక్కి సర్దడం. 9:31కి అడిగినా 9:34కి అడిగినా ‘9:30 దాకా’ అని మార్చి అడగాలి. అప్పుడు ఆ అయిదు నిమిషాల్లో వచ్చినవాళ్లందరి ప్రశ్నా ఒకే రూపంలోకి వస్తుంది. ఫిల్టర్ల సంగతీ అంతే. ఒకరు వరంగల్, కరీంనగర్ అని ఎంచుకుంటారు, ఇంకొకరు కరీంనగర్, వరంగల్ అని ఎంచుకుంటారు. కీ తయారుచేసే ముందు ఆ పేర్లను అక్షర క్రమంలో పెడితే రెండూ ఒకటవుతాయి.

ఒకటే అనిపించి ఒకటి కాని ప్రశ్నలు దీనికన్నా ప్రమాదం. వరంగల్ షాపు మేనేజర్‌కు వరంగల్ లెక్కలు మాత్రమే కనబడాలి. చాలాచోట్ల ఈ ఆంక్ష క్వెరీలో రాసి ఉండదు, లాగిన్ అయిన మనిషిని బట్టి డేటాబేసే లోపల అమలుచేస్తుంది. అంటే హెడ్డాఫీసు నుంచి వచ్చిన క్వెరీ, వరంగల్ నుంచి వచ్చిన క్వెరీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే, జవాబులు మాత్రం వేరు. కీలో ఈ తేడా లేకపోతే హెడ్డాఫీసు వాళ్లు ముందు తెరిచిన రోజున అన్ని షాపుల అమ్మకాలూ వరంగల్ తెర మీద కనబడతాయి. పేజీ చక్కగా, వేగంగా తెరుచుకుంటుంది, ఎర్రర్ ఏదీ రాదు. ఎవరో గమనించి చెప్పేదాకా తప్పు బయటపడదు.

అలాగని కీలో మనిషి పేరు చేరిస్తే రెండు వందల మందికీ మళ్లీ రెండు వందల కీలు. చేర్చాల్సింది ఆ మనిషి ఎంతవరకు చూడవచ్చో ఆ పరిధిని:

```
sales_by_district|scope=warangal|day=today|to=09:30
```

(అసలు కీలో `today` బదులు ఆనాటి తేదీ ఉంటుంది.) ముప్పై షాపులు, హెడ్డాఫీసు కలిపి 31 పరిధులు. ఆరు చార్టులకు 186 క్వెరీలు. వీటిలో షాపు క్వెరీలు ఒక్క షాపు బిల్లులే చూస్తాయి కాబట్టి, సరైన ఇండెక్స్ ఉంటే ఎనిమిది సెకన్లు కూడా పట్టవు. ఒకవేళ పట్టినా, 16 కోర్ల మీద మొత్తం ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది. పది నిమిషాలు ఎక్కడ, ఒకటిన్నర నిమిషం ఎక్కడ!

ఇంతవరకూ సరిగ్గా చేసినవాళ్లకు కూడా ఇంకో చిక్కు ఎదురవుతుంది. గడియారం 9:35 కొట్టగానే అందరికీ కొత్త కీ కావాలి, అదింకా పుట్టలేదు. మొదటివాళ్ల లెక్క పూర్తవడానికి ఎనిమిది సెకన్లు పడుతుంది. ఆ ఎనిమిది సెకన్లలో రిఫ్రెష్ అయిన తెరలన్నీ క్యాష్‌లో వెతికి, లేదని తెలుసుకుని, ఒక్కుమ్మడిగా డేటాబేస్ మీదికి పరుగెడతాయి. ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ మెమ్‌క్యాష్ వ్యవస్థ గురించి 2013లో వెలువరించిన పరిశోధన పత్రంలో ఈ తొక్కిసలాట ప్రస్తావన ఉంది. ఒక కీ దొరకనప్పుడు తిరిగి నింపే హక్కును ఒక్కరికే ఇచ్చి, మిగతావాళ్లను కాసేపు ఆగమనే పద్ధతి వాళ్లు పెట్టారు. ఈ ముప్పు ఎక్కువగా ఉన్న కీలను తీసుకుని కొలిస్తే, డేటాబేస్ మీద గరిష్ఠ భారం సెకనుకు 17,000 క్వెరీల నుంచి 1,300కు దిగింది.

మన బట్టల షాపులకు అంత యంత్రాంగం అక్కర్లేదు. రెడిస్‌లో ఒక్క ఆదేశం చాలు:

```
SET lock:sales:warangal:0935 a7f3 NX EX 30
```

`NX` అంటే ఈ పేరుతో ఇంతకుముందు ఏమీ లేకపోతేనే రాయమని. ఎందరు ఒకేసారి అడిగినా రాయగలిగేది ఒక్కరే, డేటాబేస్ దాకా వెళ్లేదీ ఆ ఒక్కరే. మిగతావాళ్లకు 9:30 నాటి ఫలితమే మళ్లీ చూపిస్తాం. అందుకే పాత ఫలితాన్ని అయిదు నిమిషాలకే చెరిపేయకుండా పదిహేను నిమిషాలైనా ఉంచాలి. `EX 30` అంటే ముప్పై సెకన్లకు ఆ తాళం దానంతటదే పోతుందని. లెక్క వేస్తున్న ప్రోగ్రామ్ మధ్యలో ఆగిపోతే తాళం శాశ్వతంగా పడి ఉండకూడదు కదా. అయితే ఏ పండగ రోజునో ఆ ఎనిమిది సెకన్ల క్వెరీ నలభై సెకన్లు పట్టిందంటే, మొదటిది నడుస్తుండగానే తాళం ఊడి రెండోది మొదలవుతుంది. కాబట్టి ఆ అంకె మామూలు రోజును చూసి కాదు, బాగా రద్దీగా ఉన్న రోజును చూసి పెట్టుకోవాలి.

బిల్లు పడిన ప్రతిసారీ పాత ఫలితాన్ని కొట్టేస్తే ఎప్పుడూ తాజా లెక్కే ఉంటుంది కదా అని అడిగేవాళ్లుంటారు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉన్న క్వెరీ క్యాష్ అచ్చం అలాగే పనిచేసేది. టేబుల్‌లో ఒక్క వరుస మారినా, ఆ టేబుల్‌కు సంబంధించి దాచిన ఫలితాలన్నీ చెరిగిపోయేవి. నిమిషానికి పది బిల్లులు పడేచోట అలాంటి క్యాష్‌లో ఏదీ ఆరేడు సెకన్లు మించి నిలవదు. ఎక్కువ కోర్లున్న సర్వర్లలో ఆ క్యాష్ దగ్గరి తాళం కోసం క్వెరీలు ఒకదాని వెనక ఒకటి నిలబడేవి కూడా. 2017లో దాన్ని వాడవద్దని ప్రకటించి, ఆ తర్వాత వచ్చిన 8.0లో పూర్తిగా తీసేశారు. డ్యాష్‌బోర్డు వరకు నా అభిప్రాయం స్పష్టం: ఇంత సేపు పాతబడినా ఫరవాలేదని ముందే ఒప్పుకుని గడువు పెట్టుకోవడమే మేలు. అది ఎంత సేపన్నది ఇంజినీరు ఒక్కరే తేల్చే విషయం కాదు. మధ్యాహ్నం ఏ షాపుకు సరుకు పంపాలో చూసే మనిషికి అయిదు నిమిషాల తేడా లెక్కలోకి రాదు. కౌంటర్లో నగదు సరిచూసే మనిషికి ఒక్క బిల్లు తేడా వచ్చినా కుదరదు. ఆ రెండో మనిషి తెరకు క్యాష్ పెట్టనే కూడదు.

గడిచిపోయిన రోజుల లెక్కలను గంటల తరబడి దాచుకోవచ్చు గానీ, దాని మీదా ఒక కన్నుండాలి. నెట్ పోయిన షాపు నిన్న సాయంత్రం బిల్లులను ఇవాళ పదింటికి పంపుతుంది. నిన్నటి మొత్తం అప్పుడు మారుతుంది.

ఇదంతా పనిచేస్తోందో లేదో పేజీ ఎంత వేగంగా తెరుచుకుంటోందో చూసి చెప్పలేం. డేటాబేస్‌నే అడగాలి. పోస్ట్‌గ్రెస్‌లో `pg_stat_statements` అనే అనుబంధాన్ని చేర్చుకుంటే, ఏ క్వెరీ ఎన్నిసార్లు నడిచిందో `calls` అనే గడిలో కనబడుతుంది. మన లెక్క ప్రకారం ఒక్కో చార్టు క్వెరీ అయిదు నిమిషాల్లో మహా అయితే 31 సార్లు నడవాలి. అది రెండు వందలు పెరిగిందంటే కీలలో ఏదో కలవాల్సినది కలవడం లేదని అర్థం. ఎవరికి వారు వేరే తేదీలు, వేరే రకాల బట్టలు ఎంచుకుని చూసే తెరలో మాత్రం కీలు ఎంత సర్దినా కలవవు, ఎందుకంటే అక్కడి ప్రశ్నలు నిజంగానే వేరు. అక్కడ రోజువారీ మొత్తాలను ముందే కూడి చిన్న టేబుల్‌గా పెట్టుకుంటే, ఏ ఫిల్టర్ వేసినా కోట్ల వరుసల బదులు వేల వరుసలు చదివితే సరిపోతుంది.

మీ ఆఫీసులో డ్యాష్‌బోర్డు చూసే అలవాటుంటే ఒక్క విషయం గమనించండి. ప్రతి చార్టు మూలనా ‘ఉదయం 9:30 వరకు’ అని సమయం రాసి ఉండాలి. ఇద్దరు రెండు వేర్వేరు అంకెలు పట్టుకుని మీటింగ్‌లో వాదులాడుకోవడం చాలాచోట్ల ఆ ఒక్క ముక్క లేకే. లేకపోతే తయారుచేసినవాళ్లను పెట్టమని అడగండి. ఫలితాన్ని దాచేటప్పుడే ఆ సమయాన్ని కూడా దాని పక్కన రాసిపెట్టడం వాళ్లకు పెద్ద పనేమీ కాదు.