గంటా పన్నెండు నిమిషాల దగ్గర వేణువు

విశాఖపట్నం నుంచి అరకు దాకా రైలు కిటికీలోంచి తీసిన యూట్యూబ్ వీడియో ఒకటి మా ఇంట్లో తరచూ నడుస్తుంటుంది. నిడివి గంటా యాభై నిమిషాలు. మా అమ్మ పుట్టిల్లు శృంగవరపుకోట. ఆ స్టేషన్ వచ్చే వేళకు ఆవిడ వంటింట్లోంచి వచ్చి టీవీ ముందు నిలబడుతుంది. బొర్రా గుహలు దాటి రైలు శిమిలిగూడ వైపు ఎక్కుతుండగా ఒక వేణువు మొదలవుతుంది. నిమిషంన్నర వినిపించి ఆగిపోతుంది. "అదేం పాటో కనుక్కోరా, నా ఫోన్లో పెట్టుకుంటాను" అంది అమ్మ ఒకరోజు.

పాటను విని పేరు చెప్పే యాప్ ముందు ఫోన్ పెట్టి చూశాను. దొరకలేదు. వేణువు మీద చక్రాల చప్పుడు, ఆ పైన వీడియో తీసినాయన వ్యాఖ్యానం ఉన్నాయి. పైగా ఇలాంటి వీడియోల్లో వాడే సంగీతం చాలాసార్లు సినిమా పాటో ఆల్బమ్ పాటో కాదు. నేపథ్యానికని విడిగా చేయించి లైబ్రరీల్లో ఉంచిన ట్యూన్. యాప్ దగ్గరున్న రికార్డుల్లో అది లేకపోతే ఎన్నిసార్లు వినిపించినా ఫలితం ఉండదు.

అప్పుడిక మిగిలింది మనుషులను అడగడం. మొదటి పని ఆ చోటును సెకన్లతో సహా రాసుకోవడం. వేణువు తొలి స్వరం పలికేది 1:12:40 దగ్గర. సెకన్లలో లెక్కేస్తే 4360. వీడియో లింకు చివర `&t=4360s` అని చేరిస్తే ఎవరు తెరిచినా నేరుగా అక్కడికే వెళ్తారు. "మధ్యలో ఎక్కడో వేణువు వస్తుంది" అంటే రెండు గంటల వీడియోను మన కోసం ఎవరూ వెతకరు.

తర్వాత వీడియో కింది డిస్క్రిప్షన్‌ను పూర్తిగా విప్పి చివరిదాకా చదవాలి. కొన్ని ట్యూన్లను పేరు చెప్పాలన్న షరతు మీదే ఉచితంగా ఇస్తారు. వాటి వివరాలు అక్కడ, చాలాసార్లు అట్టడుగున, ఉంటాయి. యూట్యూబ్ తనంతట తాను గుర్తుపట్టిన పాటలకు ఒక్కోసారి సంగీతం అన్న భాగం కూడా కనిపిస్తుంది. మా వీడియోకు ఈ రెండూ లేవు.

కామెంట్లలో అన్నిటికంటే పైన, వీడియో పెట్టినాయన పిన్ చేసిన కామెంట్ ఉంది. అందులో స్టేషన్ల పేర్లు, వాటి సమయాలు వరసగా రాశారు. సంగీతం ఊసే లేదు. దాన్ని దాటేసి కిందికి పోవాలనిపిస్తుంది గానీ, నాకు దారి దొరికింది అక్కడే. పిన్ కామెంట్లో బొర్రా గుహలు 58:10 అని ఉంది. దాన్ని నొక్కితే రైలు అప్పటికే స్టేషన్లో ఆగి ఉంది. వెనక్కి జరిపి చూస్తే స్టేషన్ పేరు బోర్డు 57:35 దగ్గర కనిపించింది. త్యాడ 41:20 అని రాశారు. నిజానికి 40:45 కే వచ్చేసింది. రెండు చోట్లా తేడా సరిగ్గా 35 సెకన్లు.

అంటే వీడియో పెట్టి, ఈ సమయాలు రాశాక, ముందువైపు 35 సెకన్ల ముక్క ఎప్పుడో కత్తిరించారు. యూట్యూబ్‌లో అలా కత్తిరించినా వీడియో చిరునామా మారదు. పాత కామెంట్లన్నీ అలాగే ఉంటాయి. కామెంట్లో టైప్ చేసిన సమయం మాత్రం వట్టి అక్షరాలే కాబట్టి వీడియోతో పాటు జరగదు. నేనిప్పుడు 1:12:40 దగ్గర వింటున్న వేణువును పాత ప్రేక్షకులు 1:13:15 దగ్గర విని ఉంటారు. తీసేసిన ముక్క మధ్యలోదైతే, దానికి ముందు సమయాలు సరిపోయి తర్వాతివి మాత్రమే తప్పుతాయి. అందుకే ఒక్క చోట చూసి తేల్చకుండా రెండు మూడు చోట్ల సరిపోల్చుకోవాలి.

ఈ వెతుకులాటకు ఫోన్ కంటే కంప్యూటర్ నయం. కామెంట్లను `Newest first` వరసలో పెట్టి, అన్నీ తెరుచుకునేదాకా కిందికి జరుపుతూ వెళ్లాను. తెర మీదికి రాని కామెంట్లను బ్రౌజర్ వెతకలేదు. తర్వాత `Ctrl+F` నొక్కి `1:13` అని కొట్టాను. మొత్తం సమయం కొడితే కష్టం. ఒకరు 1:13:15 అని రాస్తే ఇంకొకరు 1:13:20 అని రాస్తారు. దొరికింది: "1:13:18 దగ్గర ఫ్లూట్ ఏంటండీ?" దాని కింద మూడు జవాబులు ముడుచుకుని ఉన్నాయి. జవాబులను విడిగా నొక్కి తెరిస్తేనే వెతుకులాటకు అందుతాయి.

మొదటి జవాబు `Darude - Sandstorm`. ఫిన్లాండ్ సంగీతకారుడు దరూడ్ 1999లో విడుదల చేసిన డాన్స్ ట్యూన్ అది. పాట పేరు అడిగిన ప్రతిచోటా ఆ పేరు చెప్పడం ఇంటర్నెట్‌లో పాతకాలపు ఆటపట్టింపు. తెలియనివాళ్లు నిజమనుకుని వెతుకుతారు. రెండో జవాబు, "ఇది మోహన రాగం." ఆ మాట అన్నవారికి సంగీతం తెలుసు. కానీ మోహనంలో ఎన్నో రచనలున్నాయి. అయిదు స్వరాల మీద నడిచే చైనా, జపాన్ బాణీలు కూడా మన చెవికి మోహనంలాగే తగులుతాయి. రాగం పేరు తెలిసినంత మాత్రాన ఆ రికార్డు దొరకదు. మూడో జవాబులో ఒక పాత భక్తిగీతం పేరు ఉంది, దానికి పదకొండు లైకులు.

లైకులను నమ్మకుండా ఆ గీతం తెరిచి, రెండింటినీ పక్కపక్క విండోల్లో పెట్టి విన్నాను. ఎత్తుగడ దగ్గరగానే ఉంది. కానీ గీతంలో మొదటి వరస తర్వాత మృదంగం అందుకుంటుంది. వీడియోలో తాళవాద్యమే లేదు. రెండో వరసలో బాణీ పైకి వెళ్లాల్సిన చోట కిందికి దిగింది. ఇది ఆ పాట కాదు. తొలి పది సెకన్లు కలిస్తే చాలనుకుని చాలామంది ఇక్కడే మోసపోతారు. వాద్యం, వేగం, రెండో వరస కూడా కలిస్తేనే అదే రికార్డు. ఒక్కోసారి కామెంట్లోని పేరు సరైనదే అయినా వినిపించేది వేరేగా ఉంటుంది. కాపీరైట్ అభ్యంతరం వచ్చాక వీడియో యజమాని పాత పాట తీసేసి ఇంకోటి పెట్టి ఉంటాడు. అప్పుడు కామెంట్ తేదీ చూసుకోవాలి. పాతవాళ్లంతా ఒక పేరు చెబుతూ, కొత్తవాళ్లు అది కాదంటుంటే జరిగింది అదే.

చివరికి వీడియో తీసినాయన్నే అడిగాను. ఆ పాత ప్రశ్న కింద కాకుండా కొత్త కామెంట్‌గా రాశాను. "నమస్తే అండీ. 1:12:40 నుంచి 1:14:10 దాకా, శిమిలిగూడకు ముందు, మీరు లోయ గురించి చెబుతుండగా వెనక వేణువు వస్తుంది. డ్రమ్స్ లేవు. కింద ఒకరు చెప్పిన భక్తిగీతం విన్నాను, అది కాదు. మీ ఎడిటింగ్ ప్రాజెక్టులో ఆ ఫైలు పేరు చూసి చెప్పగలరా? మా అమ్మ కోసం అడుగుతున్నాను." లింకు పెట్టలేదు. లింకులున్న కామెంట్లు పరిశీలనలో ఆగిపోయి యజమాని కంట పడకపోవచ్చు. సమయం ఒక్కటి రాస్తే చాలు, అదే నొక్కడానికి వీలయ్యే లింకుగా మారుతుంది.

ఫైలు పేరు అడగడానికి కారణం ఉంది. రెండేళ్ల కిందటి వీడియోలో ఏ ట్యూన్ పెట్టామో ఎవరికీ గుర్తుండదు, పైగా ఎడిటింగ్ చేసింది వేరే మనిషి కావచ్చు. "ఏ పాట అండీ?" అంటే గుర్తులేదనే జవాబే వస్తుంది. ఫైలు పేరు అడిగితే తెరిచి చూస్తారు. కామెంట్లు మూసేసిన వీడియోలైతే ఛానల్ వివరాల్లో ఈమెయిల్ ఉందేమో చూసి ఇదే మాట అక్కడ రాయొచ్చు.

తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఎడిటింగ్ చేసింది ఆయన తమ్ముడట. ట్యూన్ యూట్యూబ్ సొంత ఆడియో లైబ్రరీలోది. అక్కడ కొన్నిటికి పేరు చెప్పి తీరాలి, కొన్నిటికి అక్కర్లేదు. ఇది అక్కర్లేనిది కాబట్టే డిస్క్రిప్షన్లో రాయలేదన్నారు. లైబ్రరీలో ఆ పేరు వెతికి, వీడియోను పక్కన పెట్టుకుని రెండో వరస దాకా విన్నాను. ఈసారి బాణీ దిగాల్సిన చోటే దిగింది.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్లో ట్యూన్ పెట్టి ఇచ్చాను. రైలు చప్పుడు లేకుండా ఒకసారి విని, "మళ్లీ పెట్టు" అంది. వీడియో డిస్క్రిప్షన్ అడుగున ఇప్పుడొక కొత్త వరస ఉంది. ట్యూన్ పేరు, చేసినవారి పేరు, ముందు 1:12:40.