ఆ షాట్‌లో మీ పని ఏది?

వీడియో ఎడిటర్ రెజ్యూమె చేతికి రాగానే స్టూడియో వాళ్లు ముందు షోరీల్ లింక్ నొక్కుతారు. చదువు, మార్కులు ఆ తర్వాతే. నిమిషం, నిమిషంన్నర నడిచే ఆ వీడియో నచ్చితే మళ్లీ రెజ్యూమె దగ్గరికి వస్తారు. అప్పుడు వాళ్లకు ఒక సందేహం వస్తుంది: ఇందులో ఈ మనిషి చేసిందేమిటి? డ్రోన్ ఎగరేసింది ఒకరు, కలర్ చేసింది మరొకరు, పాటకు తగ్గట్టు షాట్లు కోసింది ఇంకొకరు కావచ్చు. తెరమీద అన్నీ కలిసిపోయి కనిపిస్తాయి. ఎవరి పని ఏదో చెప్పాల్సింది రెజ్యూమే.

గుంటూరులో నాలుగేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్న ఒక యువకుడు హైదరాబాద్‌లో ప్రకటనలు తీసే సంస్థకు దరఖాస్తు పెడుతున్నాడనుకుందాం. అతను మొదట ఇలా రాస్తాడు: ‘సోనీ, కెనాన్ కెమెరాలు. ప్రీమియర్ ప్రో 90 శాతం, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ 70 శాతం. ఎన్నో ప్రాజెక్టులు చేశాను.’ ఇది చదివినవాళ్లకు ఏమీ తెలియదు. తొంభై శాతాన్ని కొలిచిందెవరు? కెమెరాలు అతనివా, స్టూడియోవా? అసలు షూటింగ్ కూడా చేస్తాడా?

అదే అనుభవాన్ని ఇలా రాస్తే సంగతి మారిపోతుంది: ‘పెళ్లి హైలైట్స్, 4 నిమిషాలు. సోనీ ఎఫ్ఎక్స్3తో ఎస్-లాగ్3లో తీసిన మూడు కెమెరాల ఫుటేజ్. సింక్, ఎడిటింగ్ ప్రీమియర్ ప్రోలో, కలర్ డావిన్చీ రిజాల్వ్‌లో నేనే చేశాను. షూటింగ్ స్టూడియో బృందానిది.’ లాగ్‌లో తీసిన ఫుటేజ్ మొదట బూడిద రంగులో వెలిసిపోయినట్టు ఉంటుంది. వెలుగులోనూ నీడలోనూ వివరాలు పోకుండా కెమెరా అలా దాచిపెడుతుంది. దాన్ని మామూలు రంగుల్లోకి తేవడం ఎడిటర్ పని. మండపం మీద ఊదారంగు ఎల్ఈడీ లైట్లు పడుతుంటే పెళ్లికూతురి ముఖం రంగు సహజంగా నిలబెట్టడం, పట్టుచీర జరీ తెల్లగా పేలిపోకుండా చూడడం ఎంత కష్టమో ఆ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు. అందుకే ఎడిటర్ రెజ్యూమెలో కెమెరా పేరుకు విలువ వచ్చేది, ఆ ఫుటేజ్‌తో ఏం చేశాడో చెప్పినప్పుడే. ఫొటోగ్రాఫర్ అయితే బాడీతో పాటు లెన్సులు, ఫ్లాష్‌లు, ఏవి సొంతం, ఏవి అద్దెకు తెస్తాడో రాయాలి. పిలిచేవాళ్లు బడ్జెట్ వేసుకునేది దాన్నిబట్టే.

సాఫ్ట్‌వేర్ దగ్గర మొహమాటం ఒకటుంది. మన దగ్గర పెళ్లి వీడియోల స్టూడియోల్లో ఎడియస్ మీద చేయి తిరిగినవాళ్లు చాలామంది. ప్రకటనల సంస్థ ప్రీమియర్ అడిగిందని ఎడియస్ పేరు తీసేస్తుంటారు. దాచాల్సిన పని లేదు. ఎడియస్‌లో ఎన్నేళ్లు చేశాడో రాసి, దాని కిందే ప్రీమియర్‌లో పూర్తి చేసిన ఒక చిన్న పనికి లింక్ ఇస్తే చాలు.

ప్రాజెక్టుల వరుస మాత్రం ఉద్యోగాన్నిబట్టి మార్చుకోవాల్సిందే. ఈ యువకుడు ఊళ్లో ఒక బట్టల దుకాణానికి 20 సెకన్ల ప్రకటన చేసి ఉంటే, అది ఒక్కటే అయినా అందరికంటే పైన ఉండాలి. తర్వాత పెళ్లి టీజర్, ఆ తర్వాత ఎవరైనా మాట్లాడుతున్న ఇంటర్వ్యూ. గంటల తరబడి నడిచే ట్రెడిషనల్ వీడియోలకు ఒక్క వాక్యం చాలు. ఇంటర్వ్యూ ఎందుకంటే, షోరీల్ అంతా పాట మీదే నడుస్తుంది. మాట ఎక్కడ ఆపాలో, ఎదుటి ముఖం ఎప్పుడు చూపాలో అందులో తెలియదు. అందుకే షోరీల్‌తో పాటు రెండు మూడు నిమిషాల పూర్తి వీడియో లింక్ ఒకటి ఇవ్వడం మంచిది. షోరీల్ వివరణలో ‘0:00–0:14: ఎడిటింగ్, కలర్, 0:15–0:32: ఎడిటింగ్ మాత్రమే’ అని విడగొట్టి రాస్తే సందేహానికి చోటుండదు.

ఇంత చేశాక లింక్ తెరుచుకోకపోతే అంతా వృథా. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి “Anyone with the link” ఎంచుకోకపోతే అవతలివాళ్లకు అనుమతి అడగమనే పేజీ వస్తుంది. చాలామంది అడగరు, తర్వాతి రెజ్యూమెకు వెళ్లిపోతారు. యూట్యూబ్‌లో ‘ప్రైవేట్’ పెడితే లింక్ ఉన్నా కనిపించదు, ‘అన్‌లిస్టెడ్’ పెట్టాలి. సినిమా పాట వాడితే హక్కుల కారణంగా వీడియో ఆగిపోవచ్చు, కాబట్టి లైసెన్స్ ఉన్న సంగీతమే మేలు. యూట్యూబ్‌లో షోరీల్ మార్చాలంటే కొత్తగా ఎక్కించాలి, లింకూ మారుతుంది. విమియోలో పాత లింక్ అలాగే ఉంచి వీడియో మార్చే వీలుంది. పంపేముందు పీడీఎఫ్‌ను వాట్సాప్‌లో స్నేహితుడికి పంపి, అతని ఫోన్‌లో లింక్ నొక్కించి చూడాలి. సొంత ఫోన్ లాగిన్ అయి ఉంటుంది కాబట్టి అందులో అన్నీ తెరుచుకుంటాయి.

పెళ్లివాళ్ల అనుమతి కూడా ముందే తీసుకోవాలి. ఇంకా విడుదల కాని ప్రకటన అయితే క్లయింట్ ఒప్పుకున్నాకే, పాస్‌వర్డ్ పెట్టి చూపించాలి.