రాణి చేతికొచ్చాక

ఓల్డ్ మెయిడ్ ఆటకు మామూలు పేక చాలు. అందులోంచి ఒక రాణిని తీసి పక్కన పెడితే 51 ముక్కలు మిగులుతాయి. అన్నీ పంచేస్తారు. ఏడుకు ఏడు, జాకీకి జాకీ, జతలన్నీ కింద పడేస్తారు. తర్వాత ఒక్కొక్కరూ తమ ముక్కల్ని వెనకవైపు కనిపించేలా విప్పి పట్టుకుంటే ఎడమ పక్కవాళ్లు ఒకటి లాగుతారు. జత కుదిరితే కిందికి, లేకపోతే చేతిలోకి. చివరికి జతలేని రాణి ఎవరి దగ్గరుంటే వాళ్లే ఓడినట్టు. జపాన్‌లో బబానుకి పేరుతో ఇదే ఆటను జోకరుతో ఆడతారు.

జోకరైతే మొదట్నుంచీ దయ్యమే. రాణుల సంగతి అలా కాదు. మూడున్నాయి కాబట్టి ఇద్దరు రాణులు జతగా కింద పడేదాకా ఏది ఒంటరో ఎవరికీ తెలీదు. పడ్డాకే నటన మొదలవుతుంది.

ముగ్గురు మిగిలారనుకుందాం. పిన్ని చేతిలో రాణి, ఏడు, పది. అక్క దగ్గర ఏడు, తొమ్మిది. తమ్ముడి దగ్గర తొమ్మిది, పది. అక్క పిన్ని చేతిలోంచి లాగితే రాణి వచ్చింది. జత పడలేదు. అంతమాత్రాన తమ్ముడికి గుట్టు తెలిసిపోదు, పది లాగినా అక్కకు జత పడేది కాదు మరి. అయినా చాలాసార్లు ఇక్కడే దొరికిపోతారు. ముక్క చూసి అర క్షణం ఆగుతారు, లేదా అప్పటిదాకా కలపనివాళ్లు ఇప్పుడు గబగబా కలుపుతారు. కలపడం తప్పు కాదు, రాణి వచ్చినప్పుడు మాత్రమే కలపడం తప్పు. ఏ ముక్క వచ్చినా ఒకేలా చూసి, చేతిలో చేర్చి, ఒకేలా కలిపే అలవాటుంటే తమ్ముడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇక పిన్ని కూడా హమ్మయ్య అని వెనక్కి వాలకూడదు. రాణి చేయి మారిందని ఆ ఊపిరే చాటేస్తుంది.

ఇప్పుడు తమ్ముడు లాగాలి. అక్క మూడు ముక్కల్నీ ఒకే ఎత్తులో, ఒకే బిగువుతో పట్టుకోవాలి. తమ్ముడి వేళ్లు తొమ్మిది మీదికి వెళ్లినప్పుడు పట్టు బిగిసి, రాణి మీదికి రాగానే వదులైతే వాడు ముందు తాకి చూసి, తర్వాత లాగుతాడు. రాణిని కాస్త పైకి జరిపి ఎర వేయడం పిల్లలకు ఇష్టమైన ఎత్తు. ఒకసారి పనిచేస్తుంది, రెండోసారి పైకి లేచిన ముక్కను ఎవరూ ముట్టరు. కళ్లు ముక్కల మీద ఉంచకుండా వాడి మణికట్టు మీద పెట్టుకోవడం మేలు.

ఇద్దరే మిగిలాక దాచడానికేమీ లేదు. నీ దగ్గర లేకపోతే అవతలి చేతిలోనే. రాణి ఉన్నవాళ్లు ఏది లాగినా జత పడుతుంది కాబట్టి రెండోవాళ్లు లాగేదే అసలు పందెం. ఒక ముక్క ఉన్నవాళ్లు రెండు ముక్కల్లోంచి లాగాల్సి వస్తే, ఎవరూ గుట్టు బయటపెట్టకపోతే, వాళ్లు గెలిచే అవకాశం మూడింట రెండు వంతులు. మొదటి లాగుడులో సగం, తప్పి రాణి వస్తే అవతలివాళ్లూ తప్పే అవకాశం ఉంది కాబట్టి మిగతాది.