టీ చల్లారాల్సింది కాగిపోతే

డిఫరెన్షియల్ ఈక్వేషన్ల జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగించేది పద్ధతి తెలియని పిల్లల పేపరు కాదు. పద్ధతి పూర్తిగా తెలిసి, మూడో లైనులో ఒక మైనస్ జారిపోయి, అక్కడి నుంచి చివరిదాకా శ్రద్ధగా తప్పు లెక్క చేసుకుంటూ పోయిన పేపరు. ఆ మైనస్ ఎక్కడ జారుతుందో, పేపరు ఇచ్చేసేలోపు దాన్ని ఎలా పట్టుకోవచ్చో ఒకే లెక్కతో చూద్దాం. అందరికీ తెలిసిన కప్పు టీ లెక్క చాలు.

గది ఉష్ణోగ్రత 30 డిగ్రీలు. కప్పులో అప్పుడే పోసిన టీ 90 డిగ్రీలు. టీకీ గదికీ మధ్య ఎంత తేడా ఉంటే అంత వేగంగా టీ చల్లారుతుందని న్యూటన్ నియమం. నిమిషాన్ని t అనీ, టీ ఉష్ణోగ్రతను T అనీ అనుకుంటే ఈక్వేషన్ ఇది:

dT/dt = k(30 − T), k = 0.08

సాల్వ్ చేయడం మొదలుపెట్టక ముందే ఇందులోంచి ఒక విషయం తీసి పక్కన రాసుకోవచ్చు. మొదట్లో T విలువ 90 కాబట్టి బ్రాకెట్‌లో ఉన్నది −60. దాన్ని 0.08తో గుణిస్తే −4.8. అంటే తొలి క్షణంలో టీ నిమిషానికి 4.8 డిగ్రీల చొప్పున చల్లారుతోంది. ఈ −4.8ని మార్జిన్‌లో రాసి ఉంచండి, దీనితో చాలా పని ఉంది.

ఇప్పుడు T ఉన్నవన్నీ ఒకవైపు, t ఉన్నవి రెండోవైపు చేర్చి ఇంటిగ్రేట్ చేస్తాం:

∫ dT/(30 − T) = ∫ 0.08 dt

ఎడమవైపు జవాబు ln|30 − T| అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఎన్నో ఏళ్లుగా 1/xకి ln x అని రాసిన అలవాటు అది. కానీ ఇక్కడ T ముందు మైనస్ ఉంది. ln|30 − T|ని తిరిగి డిఫరెన్షియేట్ చేస్తే −1/(30 − T) వస్తుంది, మనకు కావలసింది అది కాదు. కాబట్టి సరైన లైను ఇలా ఉండాలి:

−ln|30 − T| = 0.08t + C

ఇక్కడ మైనస్ వదిలేసిన విద్యార్థికి చివరికి T = 30 + 60e^(0.08t) అని వస్తుంది. t = 0 పెడితే 90 వస్తుంది గనుక ఇచ్చిన షరతు సరిపోయిందని సంతోషిస్తాడు. అయిదు నిమిషాలు పెట్టి చూస్తే సుమారు 119.5 డిగ్రీలు. పొయ్యి మీది నుంచి దించిన టీ కప్పులో కూర్చుని నీళ్లు మరిగే ఉష్ణోగ్రతను దాటిపోయింది! సరైన సాధన T = 30 + 60e^(−0.08t). అయిదు నిమిషాలకు అది 70.2 డిగ్రీలు చెబుతుంది.

ఈ తప్పు దాక్కునే తీరు ఇంకొకటి ఉంది, దాన్ని నేను మరింత ప్రమాదకరంగా భావిస్తాను. k విలువ ఇవ్వకుండా, “అయిదు నిమిషాలకు టీ 70 డిగ్రీలు, మరి పది నిమిషాలకు ఎంత?” అని అడిగారనుకోండి. మైనస్ పోగొట్టుకున్న పిల్లవాడు 40 = 60e^(5k) అని రాస్తాడు, k సుమారు −0.081 వస్తుంది. పోయిన మైనస్ kలోకి దూరిపోయింది. పది నిమిషాల జవాబు 56.7 డిగ్రీలు, అదీ సరైనదే! జవాబు సరిపోయింది కాబట్టి లైను కూడా సరైనదేనని అతను నమ్ముతాడు, అలాగే గుర్తుపెట్టుకుంటాడు. k పాజిటివ్ అని ప్రశ్నలోనే చెప్పి ఉంటే, నెగెటివ్ k రాగానే కలం ఆగాలి. ఆ గుర్తు అర్థం టీ చల్లారుతోందని కాదు, పైన ఎక్కడో లైను తప్పిందని.

రెండో తప్పు గుర్తుది కాదు, C ఎక్కడ నిలబడాలన్నది. లాగరిథమ్ తీసేసేటప్పుడు కుడివైపు మొత్తం e పైకి ఎక్కుతుంది, Cతో సహా. e^(−0.08t + C) అంటే e^(−0.08t)ని e^Cతో గుణించడం. కూడడం కాదు. చాలామంది C కింద ఉండిపోయినట్టు T = 30 + e^(−0.08t) + C అని రాస్తారు. t = 0కి 90 రావాలి కాబట్టి C = 59 అనీ, T = 89 + e^(−0.08t) అనీ తేలుతుంది. ఈ టీ ఎన్ని గంటలు ఉంచినా 89 కిందికి దిగదు. ఇక్కడ కూడా మొదటి షరతు సరిపోయిందని గమనించండి. మొదటి షరతు సరిపోవడం సాక్ష్యం కాదు, C ఉన్నదే ఆ షరతు సరిపోయేలా సర్దడానికి. ఫార్ములా ఎంత తప్పయినా C దాన్ని 90కి తెచ్చి నిలబెట్టగలదు.

అందుకే ఆ −4.8. మూడు జవాబులనూ డిఫరెన్షియేట్ చేసి t = 0 పెట్టండి. మైనస్ పోయినదానికి +4.8 వస్తుంది. C తప్పుచోట పెట్టినదానికి −0.08 వస్తుంది. సరైనదానికి మాత్రమే −4.8. అర నిమిషం పని, రెండు తప్పులూ దొరికాయి.

లీనియర్ ఈక్వేషన్లలోనూ C ఇలాగే జారుతుంది. dy/dx − (2/x)y = x² తీసుకుందాం, x పాజిటివ్ అనుకుందాం. ఇంటిగ్రేటింగ్ ఫ్యాక్టర్ కట్టేటప్పుడు 2/x ముందున్న మైనస్ కూడా వెంట రావాలి, అప్పుడు అది 1/x² అవుతుంది. ఇంటిగ్రేట్ చేస్తే y/x² = x + C. ఇక రెండువైపులా x²తో గుణించాలి. తొందరలో xని గుణించి Cని వదిలేసి y = x³ + C అని రాస్తారు. సరైనది y = x³ + Cx². అనుమానముంటే ఎడమవైపు పెట్టి చూడండి: తప్పుదానికి x² − 2C/x మిగులుతుంది. ఆ C మిగలకూడదు.

పేపరు ఇచ్చేముందు నేను నా విద్యార్థులను చూడమనే వరుస ఇది. ముందు ప్రతి ఇంటిగ్రేషన్ లైను దగ్గర ఆగి, రెండువైపులా రాసినదాన్ని మనసులో వెనక్కి డిఫరెన్షియేట్ చేయాలి. తర్వాత C పుట్టిన లైను మీద వేలు పెట్టి, అక్కడి నుంచి కిందికి ప్రతి గుణకారమూ, ప్రతి e కూడా Cకి తగిలిందా అని చూసుకుంటూ రావాలి. ఆపైన జవాబును అసలు ఈక్వేషన్‌లో పెట్టాలి, అంత టైము లేకపోతే t = 0 దగ్గర వాలు ఒక్కటైనా సరిచూడాలి. చివరగా tని బాగా పెద్దది చేసి టీ ఎక్కడికి చేరుతోందో చూడాలి, 30కి చేరాలి.

ఈ చివరిదాన్ని టైము లేదని వదిలేయొద్దు. ప్రశ్న చదివి ఈక్వేషన్ రాసేటప్పుడే dT/dt = 0.08(T − 30) అని తిరగేసి రాసి ఉంటే, జవాబు 30 + 60e^(0.08t) ఆ ఈక్వేషన్‌లో చక్కగా సరిపోతుంది, తొలి వాలు కూడా +4.8 అని దానికి తగ్గట్టే వస్తుంది. లోపల వెతికితే తప్పు ఎక్కడా కనబడదు. టీ 30కి దిగకుండా పైకి పోతోందన్న ఒక్క గమనింపే దాన్ని బయటపెడుతుంది.