వార్తల్లో పదం: ప్రతిరూప ఆవరణ

పదో తరగతి గణితం ప్రశ్నపత్రాల విశ్లేషణల్లో తరచూ కనిపించే మాట ఇది. ఒక ప్రయోగంలో రాగల పర్యవసానాలన్నిటి సమితే ప్రతిరూప ఆవరణ. నాణేనికి బొమ్మ, బొరుసు. పేకకట్టకు 52 ముక్కలు. వర్క్‌షీట్ దిద్దే టీచరైనా ముందు చూడాల్సింది జవాబును కాదు, ఈ జాబితాను.

రెండు పాచికల మొత్తం 7 అయ్యే సంభావ్యత ఎంత? మొత్తాలు 2 నుంచి 12 వరకు పదకొండు కాబట్టి 1/11 అని రాసేవారుంటారు. జాబితాలో ఏదీ తప్పిపోలేదు, అన్నీ కూడితే 1 కూడా వస్తుంది. అందుకే ఈ తప్పు సులువుగా దొరకదు. లోపమల్లా ఆ పదకొండూ సమసంభవాలు కాకపోవడమే. ఒక పాచిక ఎరుపు, మరొకటి నీలం అనుకుంటే 36 జతలొస్తాయి. (3,4) వేరు, (4,3) వేరు. (3,3) మాత్రం ఒక్కటే. మొత్తం 7 ఇచ్చేవి 6 జతలు. జవాబు 6/36, అంటే 1/6. మొత్తం 2 ఇచ్చేది (1,1) ఒక్కటే.

ఈ పొరపాటు పిల్లలదే అనుకోనక్కర్లేదు. 1754లోనే ఫ్రెంచి గణితవేత్త దాలంబేర్ విజ్ఞాన సర్వస్వంలో ఇలాగే వాదించాడు. నాణేన్ని రెండుసార్లు విసిరితే ఒకసారైనా బొమ్మ పడే అవకాశం 2/3 అన్నాడు. మొదటిసారే బొమ్మ పడితే ఆట ముగిసినట్టే కనుక మూడే పర్యవసానాలని ఆయన లెక్క. కానీ మొదటి బొమ్మకు సంభావ్యత 1/2, బొరుసు తర్వాత బొమ్మకు, రెండుసార్లూ బొరుసుకు చెరో 1/4. సరైన జవాబు 3/4.