కారణం తెలియకముందు ఏం చెప్పాలి?

చెల్లింపుల యాప్ మొరాయించింది. ఎందుకో ఇంజినీర్లకే ఇంకా అంతుపట్టలేదు. అలాంటప్పుడు స్టేటస్ పేజీలో పెట్టాల్సిన సందేశం ఇలా ఉండాలి:

“ఉదయం 10:40 నుంచి కొన్ని యూపీఐ చెల్లింపులు జరగడం లేదు. కొందరికి ఖాతాలో డబ్బు కట్ అయినా దుకాణదారుకు చేరడం లేదు. మళ్లీ చెల్లించే ముందు ఖాతా ఒకసారి చూసుకోండి. బ్యాలెన్స్ చూడటం మామూలుగానే పనిచేస్తోంది. కారణం వెతుకుతున్నాం. 11:30కి మళ్లీ చెబుతాం.”

ఇందులో ఉన్నవన్నీ కంటికి కనిపించినవే. డబ్బు కట్ అవుతున్న సంగతి దాచి ‘స్వల్ప అంతరాయం’ అని రాస్తే, జనం రెండోసారి చెల్లించి నష్టపోతారు. ‘బ్యాంకు సర్వర్ల వల్లే’ అని ఊహించి రాస్తే, వాళ్లు బ్యాంకు చుట్టూ తిరుగుతారు. ఊహ తప్పయితే తర్వాతి మాటనూ నమ్మరు.

2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 నిల్వ సేవ గంటల తరబడి ఆగింది. బిల్లింగ్ వ్యవస్థలోని సమస్యను సరిచేస్తూ ఒక ఉద్యోగి ఇచ్చిన కమాండ్‌లో పొరపాటు దొర్లి, అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. బయటివారెవరూ ఊహించలేని కారణమది. పైగా స్టేటస్ పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడటంతో, అందులోని గుర్తులను మొదట మార్చలేకపోయారు. అందుకే ఆ పేజీని విడి వ్యవస్థపై నడపాలి.

11:30కి కొత్త సంగతి లేకపోయినా, ఆ మాటే రాసి తర్వాతి సమయం చెప్పాలి.