కర్టెన్లకు బూజు పట్టిందా?

వానాకాలంలో రెండు వారాలు ఊరెళ్లి వచ్చి పడగ్గది తలుపు తీయగానే ముక్క వాసన గుప్పుమంటుంది. కిటికీ సందులోంచి జల్లు కొట్టి తడిసిన కర్టెన్ గాలాడని గదిలో ఆరకుండా ఉండిపోతే జరిగేది ఇదే. దాని అంచున కనిపించే నల్లచుక్కలు మురికి కాదు, ఫంగస్. ఆ రేణువులు గాల్లోకి లేస్తే ఆస్తమా, అలర్జీ ఉన్నవారికి దగ్గు, ఆయాసం పెరగొచ్చు. అందుకే ఈ పని వాళ్లకు అప్పగించకండి.

గదిలో కర్టెన్‌ను దులపొద్దు. మాస్కు, గ్లవ్స్ వేసుకుని, మచ్చలు లోపలికి వచ్చేలా చుట్టి డాబా మీదికి తీసుకెళ్లండి. ఎండలో పూర్తిగా ఆరాక, పొడి బ్రష్‌తో పైపైన బూజును రాల్చండి. తడిగా ఉన్నప్పుడే రుద్దితే అది బట్టలోకి ఇంకా దిగుతుంది. కొక్కాలు, రింగులు తీసేసి, లేబుల్ అనుమతించినంత వేడి నీళ్లలో మామూలు డిటర్జెంట్‌తో ఉతకండి. వాసన చాలావరకు ఇక్కడే పోతుంది.

మచ్చల సంగతి వేరు. ఫంగస్ చచ్చినా దాని నల్లరంగు నూలులో ఉండిపోతుంది. తెల్ల కాటన్ కర్టెన్ అయితే 10 లీటర్ల చల్లటి నీళ్లలో 100 మిల్లీలీటర్ల బట్టల బ్లీచ్ కలిపి, 10 నుంచి 15 నిమిషాలు నానబెట్టి, రెండుసార్లు జాడించండి. రంగు కర్టెన్లకు ఇది వాడితే వెలిసిపోతాయి. వాటికి ఆక్సిజన్ బ్లీచ్ పొడిని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో గోరువెచ్చని నీళ్లలో కరిగించి, కొన్ని గంటలు నానబెట్టాలి. ముందుగా మడతలో కనిపించని మూలన పరీక్షించండి. పట్టు, ఉన్ని కర్టెన్లయితే డ్రైక్లీనింగ్‌కు ఇవ్వడమే మేలు. వెనక పూత ఉన్న బ్లాకౌట్ కర్టెన్లను నానబెడితే పూత ఊడొచ్చు. సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో తుడిస్తే చాలు.

బట్టల బ్లీచ్‌తో వెనిగర్ గానీ, బాత్రూమ్ యాసిడ్ గానీ కలపొద్దు. క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరాడనివ్వదు. బ్లీచ్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి.

ఉతికాక ఎండలో ఆరేసి, కింది అంచు మడతను వేళ్లతో పట్టి చూడండి. బట్ట మందంగా ఉండే అక్కడే చివరిదాకా తడి ఉంటుంది. ఆరాక అంచు మీద కాస్త నీళ్లు చిలకరించి వాసన చూడండి. ముక్క వాసన తిరిగొస్తే ఫంగస్ ఇంకా ఉన్నట్టే, మరోసారి ఉతకాలి. వాసన లేకుండా లేత నీడలాంటి మచ్చ మాత్రమే మిగిలితే అది ఉత్త రంగే. దానికోసం మళ్లీ మళ్లీ బ్లీచ్ వాడితే నూలు చివికిపోతుంది.

తిరిగి తగిలించే ముందు కిటికీ పక్క గోడను చేత్తో తాకి చూడండి. చెమ్మ ఉంటే అది ఆరేదాకా కర్టెన్ వేయకండి.